జాగ్రత్త: కాలేజీ అవార్డ్ లెటర్‌లో "మీరు కట్టాల్సింది 0" అని కనిపిస్తే

అమెరికాలో ఈ ఏడాది పిల్లల్ని కాలేజీలో చేర్చబోతున్న తెలుగువాళ్లకు ఈ పోస్ట్. ముఖ్యంగా పిల్లలు ఇక్కడ పుట్టి సిటిజన్లై, తల్లిదండ్రులు ఇంకా హెచ్1బీ మీదే ఉన్న ఇళ్లకు.

మా అమ్మాయికి ఒక ప్రైవేటు కాలేజీ నుంచి ఫైనాన్షియల్ ఎయిడ్ లెటర్ వచ్చింది. ట్యూషన్, హాస్టల్, భోజనం కలిపి ఏడాదికి 54,000 డాలర్లు. దాని కింద "మీ అవార్డులు" అంటూ ఆరు వరుసలు: మెరిట్ స్కాలర్‌షిప్ 20,000, కాలేజీ గ్రాంట్ 7,000, డైరెక్ట్ సబ్ 3,500, డైరెక్ట్ అన్‌సబ్ 2,000, వర్క్‌స్టడీ 2,500, చివరిది ప్లస్ అన్న పేరుతో 19,000. మొత్తం సరిగ్గా 54,000. చివర్న లావు అక్షరాల్లో, మిగిలినది 0. మా అమ్మాయి ఎగిరి గంతేసింది.

లోన్ అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. నిజానికి ఆరింటిలో ఊరికే ఇచ్చేవి మొదటి రెండే, అంటే 27,000. సబ్, అన్‌సబ్ రెండూ పిల్లల పేరు మీద వచ్చే ఫెడరల్ లోన్లు. మొదటి ఏడాది రెండూ కలిపి మామూలుగా 5,500 దాటవు, ఫెడరల్ ఎయిడ్ దరఖాస్తు ఫాఫ్సా నింపిన పిల్లలకు ఈ అప్పు దాదాపు ఏ కాలేజీలోనైనా దొరుకుతుంది. కాబట్టి ఈ కాలేజీ ప్రత్యేకంగా మనకు చేసిన మేలేమీ కాదు. సబ్ మీద చదువుకున్నంత కాలం వడ్డీ పడదు, అన్‌సబ్ మీద డబ్బు విడుదలైన రోజు నుంచే పడుతుంది.

వర్క్‌స్టడీ ఇంకో తిరకాసు. ఆ 2,500 బిల్లులో తగ్గించరు. క్యాంపస్‌లో ఉద్యోగం వెతుక్కుని, గంటల లెక్కన పనిచేస్తే జీతంగా వస్తుంది. ఉద్యోగం దొరక్కపోతే అదీ లేదు. ఆగస్టులో ఫీజు కట్టేటప్పటికి అందులో ఒక్క డాలర్ కూడా చేతిలో ఉండదు.

అసలు మోసం ప్లస్ వరుసలో ఉంది. అది తల్లిదండ్రులు తమ పేరు మీద తీసుకునే అప్పు. క్రెడిట్ చెక్ ఉంటుంది, వడ్డీ మొదటి రోజు నుంచే, పైగా 4 శాతానికి పైగా ఫీజు ముందే కోసుకుంటారు. అంటే 19,000లో 800 డాలర్లు అక్కడే పోతాయి. అన్నిటికన్నా ముఖ్యం, సిటిజన్ గానీ గ్రీన్‌కార్డ్ గానీ లేని తల్లిదండ్రులకు ఈ లోన్ ఇవ్వనే ఇవ్వరు. మేం హెచ్1బీ. మాకు రాని అప్పును మా లెటర్‌లో అవార్డుగా రాసి సున్నా చూపించారు! ఆఫీసుకు ఫోన్ చేస్తే "అది ఆప్షనల్ అండీ, మే 1 లోపు డిపాజిట్ కట్టేయండి, తర్వాత చూద్దాం" అన్నారు. ఆ డిపాజిట్ వెనక్కి రాదు.

గ్రీన్‌కార్డ్ ఉన్నవాళ్లూ తొందరపడకండి. 2026 జులై నుంచి కొత్తగా ఈ అప్పు తీసుకునేవాళ్లకు ఒక్కో బిడ్డకు ఏడాదికి 20,000, మొత్తం 65,000 పరిమితి పెట్టారు. ఏటా 19,000 చొప్పున మూడేళ్లకే 57,000 అవుతుంది. నాలుగో ఏడాదికి మిగిలేది 8,000.

ఇప్పుడు పోలిక చూడండి. మా స్టేట్ యూనివర్సిటీ లెటర్‌లో పుస్తకాలు, రాకపోకలు, చేతిఖర్చుతో సహా 30,000 ఖర్చు చూపించి, గ్రాంట్ 5,000, పిల్లల లోన్ 5,500 రాశారు. మిగిలినది 19,500. పక్కపక్కన పెడితే ఒకచోట సున్నా, ఇంకోచోట 19,500. అప్పులూ వర్క్‌స్టడీ కొట్టేసి, ప్రైవేటు కాలేజీ రాయకుండా వదిలేసిన పుస్తకాలు, ప్రయాణాలకు మా అంచనాగా 4,000 కలిపితే అక్కడ ఏడాదికి 31,000, స్టేట్‌లో 25,000. సున్నా అన్న కాలేజీయే 6,000 ఎక్కువ. పిల్లల లోన్ 5,500 తీసుకున్నా, పుస్తకాలు, ప్రయాణాలు కాకుండా, అక్కడ ఒక్కో సెమిస్టర్‌కు మేం కట్టాల్సిన బిల్లే సుమారు 10,750.

ఇది ఒక్క కాలేజీ కథ అనుకోకండి. అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ 2022లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 91 శాతం కాలేజీలు అసలు ఖర్చును తమ లెటర్లలో చూపించడం లేదు, లేదా తక్కువ చేసి చూపిస్తున్నాయి.

డిపాజిట్ కట్టేముందు ఎయిడ్ ఆఫీసుకు ఫోన్ కాదు, ఈమెయిల్ పెట్టండి. స్కాలర్‌షిప్ నాలుగేళ్లూ ఉంటుందా, దానికి ఎంత జీపీఏ నిలబెట్టుకోవాలి, గ్రాంట్ రెండో ఏడాది తగ్గుతుందా అని అడగండి. మాకు స్కాలర్‌షిప్‌కు 3.2 జీపీఏ కావాలన్న సంగతి అలా అడిగాకే తెలిసింది. గ్రాంట్ గురించి మాత్రం ఇప్పటికీ జవాబు రాలేదు.