మామిడి ట్రేల చీటీ: కాయల లెక్క మేలా, తూకం మేలా?

నూజివీడు వైపు తోటల నుంచి బాటసింగారం మార్కెట్‌కి బంగినపల్లి లోడ్ పంపేవాళ్లలో చాలామంది చీటీ మీద రాసేది రెండే ముక్కలు: ఇన్ని ట్రేలు, మొత్తం ఇన్ని కిలోలు. గ్రేడ్ చేయడానికి కూలీ ఇస్తాం, పెద్ద కాయ, మధ్య కాయ, చిన్న కాయ, మచ్చ కాయ అని నాలుగు కుప్పలు పోస్తాం, ఇంత చేసి కాగితం మీదకి వచ్చేసరికి అన్నీ ఒకటే లెక్క అయిపోతాయి. అమ్మకం లెక్క రాసిచ్చే పట్టీ చేతికొచ్చాక పెద్ద కాయ తక్కువ పడిందేమిటని అడుగుదామంటే చూపించడానికి మన దగ్గర ఏమీ ఉండదు.

గ్రేడ్ వారీగా రాయాలన్నది సరే. ప్రతి గ్రేడ్‌కి తూకం రాయాలా, కాయలు లెక్కపెట్టి రాయాలా, రెండూ రాయాలా అన్నది అసలు ప్రశ్న. పెద్ద, మధ్య కాయకి రెండూ రాయాలి, మచ్చ కాయకి తూకం చాలు అని నా అభిప్రాయం. చిన్న కాయకి లెక్క మీ ఓపికను బట్టి.

ముందు తూకం సంగతి. మన మార్కెట్లలో ధర టన్ను మీదే కాబట్టి తూకం లేని చీటీకి అక్కడ విలువ లేదు. ముంబైలో హాపూస్‌ని డజన్ల లెక్కన అమ్ముతారు, అక్కడికి పంపేవాడికి కాయల లెక్కే ప్రాణం. మనకి కాటానే ప్రాణం. పైగా పని తేలిక, ట్రే కాటా మీద పెడితే అయిపోయింది. కానీ తూకం ఒక్కటే రాస్తే ఒక చిక్కుంది. రాత్రి లోడ్ ఎక్కించి తెల్లారి కాటా వేసేసరికి కాయలో నీరు ఆరి బరువు తగ్గుతుంది, ఒకటిన్నర నుంచి రెండు శాతం దాకా తగ్గడం మామూలే. 1,000 కిలోల లోడ్‌లో రెండు శాతమంటే 20 కిలోలు, అంటే ఒక నిండు ట్రే కంటే ఎక్కువ. మొత్తం తూకం మాత్రమే చేతిలో ఉంటే ఒక ట్రే కాయ మాయమైనా అది 'ఆరుదల' కింద కొట్టుకుపోతుంది, ఎవరూ కనిపెట్టలేరు. అదే ట్రే వారీ తూకం ఉంటే 18 కిలోల ట్రేలో రెండు శాతమంటే 360 గ్రాములు, అది ఒక పెద్ద కాయ కన్నా తక్కువ. ఏ పెద్ద కాయల ట్రే అయినా ఒక కిలో తగ్గిందంటే కాయ ఎండలేదు, కాయ పోయింది.

కాయల లెక్కకి ఉన్న బలం ఏమిటంటే ఎండ తగిలినా, రెండు రోజులు ఆగినా సంఖ్య మారదు. ఇంకో ఉపయోగం కూడా ఉంది, నాకు ఇదే ముఖ్యం. నికర తూకాన్ని కాయల సంఖ్యతో భాగిస్తే సగటు కాయ బరువు వస్తుంది, అది ఆ ట్రే ఏ గ్రేడో చెప్పేస్తుంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణమైన కోడెక్స్‌లో 200 నుంచి 350 గ్రాములు ఎ, 351 నుంచి 550 బి, 551 నుంచి 800 సి. మనం చిన్న, మధ్య, పెద్ద అనేది దాదాపు ఇదే, కాబట్టి ఈ హద్దులే పెట్టుకుంటే సరిపోతుంది.

ఒక లోడ్ లెక్క వేసి చూద్దాం. ఖాళీ ట్రే 2 కిలోలు, 60 ట్రేలు. చీటీ ఇలా ఉందనుకోండి:

పెద్ద: 12 ట్రేలు, ట్రేకి 30 కాయలు, మొత్తం 360 కాయలు, నికరం 217 కిలోలు
మధ్య: 30 ట్రేలు, ట్రేకి 40 కాయలు, మొత్తం 1,200 కాయలు, నికరం 538 కిలోలు
చిన్న: 12 ట్రేలు, ట్రేకి 60 కాయలు, మొత్తం 720 కాయలు, నికరం 214 కిలోలు
మచ్చ: 6 ట్రేలు, నికరం 105 కిలోలు
మొత్తం నికరం 1,074 కిలోలు, ట్రేలు 120 కిలోలు, కాటా తూకం 1,194 కిలోలు

పట్టీలో ఇలా వచ్చిందనుకోండి: పెద్ద 10 ట్రేలు 178, మధ్య 32 ట్రేలు 565, చిన్న 211, మచ్చ 103, మొత్తం 1,057 కిలోలు. 17 కిలోలు తగ్గింది, ఒకటిన్నర శాతం చిల్లర, ఆరుదలే అని మొత్తం తూకం చూసేవాడు సంతృప్తి పడిపోతాడు. గ్రేడ్ వారీ చీటీ ఉన్నవాడికి మాత్రం రెండు పెద్ద ట్రేలు మధ్య కాయలోకి జారాయని వెంటనే కనిపిస్తుంది. అవి మధ్య కాయలేనని కొన్నవాళ్లు అంటే? ఆ రెండు ట్రేలు దింపి లెక్కపెట్టమనండి. 30 కాయలుండి 18 కిలోలకు దగ్గరగా ఉంటే సగటు 600, అది పెద్ద కాయే. 36 కాయలు ఉన్నాయంటే సగటు 500, అప్పుడు తప్పు మన గ్రేడింగ్‌లోనే ఉంది, ఒప్పుకోవాల్సిందే. కిలోకి 10 రూపాయల తేడా అనుకున్నా 36 కిలోల మీద 360 రూపాయలు. ఒక్క లోడ్‌కి పెద్ద సొమ్ము కాదు, సీజనంతా ప్రతి లోడ్‌లో ఇలా జారితే మాత్రం కోత కూలీ ఖర్చంత పోతుంది.

సగటుకీ ఒక హద్దుంది. 750 గ్రాముల కాయలు 15, 450 గ్రాముల కాయలు 15 కలిపినా సగటు 600 వస్తుంది. చీటీ బాగుంటుంది, ట్రే తెరిచినవాడు మాత్రం ఊరుకోడు. పెద్ద గ్రేడ్ ట్రేలో అన్నిటికన్నా పెద్ద కాయకీ చిన్న కాయకీ తేడా 125 గ్రాములు, మధ్య గ్రేడ్‌లో 100 గ్రాములు దాటకూడదు. అనుమానం వచ్చిన కాయని చిన్న కాటా మీద పెట్టి చూడాలి, అంతకన్నా దారి లేదు.

సర్దేటప్పుడు ట్రేలన్నీ ఒకే తూకానికి నింపాలా, ఒకే లెక్కకి నింపాలా అన్నది ఇంకో వాదన. తూకానికి నింపమంటే కూలీలు చివర 18 కిలోలు చేయడానికి చేతికందిన చిన్న కాయ ఒకటి పడేస్తారు, గ్రేడ్ అక్కడే చెడుతుంది. అందుకే పెద్ద, మధ్య కాయని లెక్కకే నింపి, వచ్చిన తూకం ఎంతైతే అంత రాయడం మేలు. ట్రేకి 17.6 వచ్చినా 18.4 వచ్చినా నష్టం లేదు. వరుసకి ఇన్నని పేర్చుకుంటూ పోతే లెక్కకి వేరే టైమ్ కూడా పట్టదు. అంచుకి ఒక వేలు కిందే ఆపండి, పైకి ఉబ్బిన ట్రే మీద ఇంకో ట్రే పెడితే పై వరుస కాయ నలిగి మచ్చ కాయ అవుతుంది. చిన్న కాయకి ట్రేకి 60 లెక్కపెట్టే మనుషులు లేకపోతే తూకంతో సరిపెట్టుకోండి, అక్కడ గ్రేడ్ జారితే పోయేది తక్కువ.

తూకం వేసే వేళ కూడా ముఖ్యమే. తొడిమ తుంచి సొన కారిపోయాక, కాయ మీద తడి ఆరాక, నీడలో వేయాలి. కడిగిన ట్రే తడిగా ఉంటే బరువు ఎక్కువ చూపిస్తుంది, కాబట్టి ఖాళీ ట్రేలు పది ఆరినవి ఒకేసారి కాటా మీద పెట్టి, వచ్చిన బరువుని పదితో భాగించి ఆ అంకె రాయండి. ట్రే బరువు, నికరం విడివిడిగా లేకపోతే ట్రేకి ఒకసారి తీసేసి, తర్వాత తరుగు పేరుతో మళ్లీ తీసినా మనకి తెలియదు.

ప్రతి ట్రే మీద మార్కర్‌తో పె-1, పె-2, మ-1 అని నంబరు వేసి, అదే నంబరు పక్కన కాయలు, తూకం రాయాలి. కార్బన్ పెట్టి మూడు కాపీలు: ఒకటి డ్రైవర్ సంతకం చేసి మన దగ్గర వదిలేది, ఒకటి అతని చేతికి, ఒకటి ఆఖరున ఎక్కించిన ట్రేలో. బండి కదలకముందే ఫొటో తీసి కమీషన్ ఏజెంట్‌కి వాట్సాప్‌లో పంపితే, కాటా కన్నా ముందే మన అంకెలు అక్కడికి చేరతాయి.