లిఫ్ట్ నిర్వహణ ఒప్పందం రద్దు: ఈమెయిల్ మేలా, స్పీడ్ పోస్టు మేలా?

అపార్ట్‌మెంట్ సంఘం లిఫ్ట్ కంపెనీతో చేసుకున్న వార్షిక నిర్వహణ ఒప్పందం మార్చి 31న ముగుస్తుందనీ, 30 రోజుల ముందు రాతపూర్వకంగా తెలియజేయకపోతే మరో ఏడాదికి దానంతటదే కొనసాగుతుందని అందులో ఉందనీ అనుకుందాం. ఇక్కడ లెక్కకు వచ్చేది నోటీసు పంపిన రోజు కాదు, అది కంపెనీకి అందిన రోజు.

స్పీడ్ పోస్టులో పంపిన ఉత్తరానికి చేరినట్టు రుజువు దొరుకుతుంది, కానీ కవరులో ఏ కాగితం ఉందో ఆ రుజువు చెప్పదు, పైగా దారిలో పట్టే రోజులు గడువులోంచే పోతాయి. ఈమెయిల్‌లో రాసిన మాటలూ, పంపిన సమయమూ ఒకేచోట నిలుస్తాయి. ఒప్పందంలో నోటీసుల కోసం ఒక ఈమెయిల్ చిరునామా ఇచ్చి ఉంటే, 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 13వ సెక్షన్ ప్రకారం, వేరే షరతు లేనప్పుడు, సందేశం ఆ చిరునామాకు చేరిన క్షణమే అందినట్టు లెక్క. అదే సందేశాన్ని ఫిబ్రవరి 27న కంపెనీలోని మరో చిరునామాకు, ఉదాహరణకు ప్రతినెలా వచ్చే సర్వీస్ ఇంజనీరుకు పంపితే, ఆయన దాన్ని తెరిచి చూసిన రోజే అందినట్టవుతుంది. ఆయన మార్చి 4న తెరిస్తే గడువు దాటిపోయినట్టే. చాలా సంఘాలు దెబ్బతినేది సరిగ్గా ఇక్కడే.

అందువల్ల నా అభిప్రాయంలో ఈమెయిలే మేలు. అయితే నోటీసు రిజిస్టర్డ్ పోస్టులోనే రావాలని ఒప్పందం స్పష్టంగా చెబితే ఉత్తరమే అసలు నోటీసు, ఈమెయిల్ దాని నకలు మాత్రమే.

రాసే మాటలు కూడా అంతే ముఖ్యం. "దయచేసి రద్దు చేయగలరు" అన్నది వినతిగా చదువుకునే వీలుంది. దానికన్నా ఇలా రాయడం మంచిది:

"ఒప్పందం నెం. 4471, 4472 (రెండు లిఫ్టులు). ఈ రెండు ఒప్పందాలనూ మార్చి 31 తర్వాత కొనసాగించడం లేదని ఇందుమూలంగా నోటీసు ఇస్తున్నాము. ముగింపు తేదీని, ఇంకా చెల్లించవలసిన బకాయి ఉంటే దాని మొత్తాన్ని ఏడు రోజుల్లో రాతపూర్వకంగా ధ్రువీకరించగలరు."

లిఫ్టుకో ఒప్పందం ఉన్నచోట ఒక్క నంబరే రాస్తే రెండోది కొనసాగే ప్రమాదం ఉంది. ధ్రువీకరణను అడగాలే తప్ప, "మీ ధ్రువీకరణ అందాకే ఇది అమల్లోకి వస్తుంది" అని మాత్రం రాయకూడదు, ఎందుకంటే అటువంటి షరతు పెట్టి జవాబు రాకపోతే ఆ సందేశం అసలు పంపనట్టే భావించాలని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ నుంచి యాంత్రికంగా వచ్చే "మీ సందేశం అందింది" అన్న జవాబు అందినదానికి ఆధారమే గాని, ముగింపు తేదీని వారు ఒప్పుకున్నట్టు కాదు. ఏడు రోజుల్లో జవాబు రాకపోతే అదే ఈమెయిల్ కిందనే గుర్తుచేస్తూ రాసి, నకలును స్పీడ్ పోస్టులో పంపాలి. ఇందుకు వ్యవధి మిగలాలంటే మొదటి ఈమెయిల్ ఫిబ్రవరి మొదటి వారంలోనే వెళ్లాలి.