కొలెస్టిరమిన్ పొడి: కొన్నేళ్లు వాడాక చెబుతున్న మాట

కొలెస్ట్రాల్‌కి ఇచ్చే మందుల్లో ఇది వేరే దారిలో పనిచేస్తుంది. రక్తంలోకి అసలు వెళ్లదు. నోట్లోంచి దిగి, పేగుల్లో తన పని చేసి, మలంతో పాటు బయటికి పోతుంది. దీనివల్ల కలిగే మేలు, పెట్టే ఇబ్బంది దాదాపు అంతా పేగుల దగ్గరే మొదలవుతాయి.

మా ఇంట్లో కొలెస్ట్రాల్ వంశపారంపర్యం. నాన్నకి చిన్న వయసులోనే గుండెపోటు వచ్చింది. మందులు మొదలుపెట్టకముందు నా చెడు కొలెస్ట్రాల్, అంటే ఎల్‌డీఎల్ 238. స్టాటిన్ డోసు పెంచితే తొడ కండరాలు పట్టేసి మెట్లు ఎక్కలేకపోయేదాన్ని. అందుకని రోసువాస్టాటిన్ 5 మిల్లీగ్రాముల దగ్గర ఆపి, దానికి ఇంకో కొలెస్ట్రాల్ మాత్ర, ఎజెటిమైబ్ 10 మిల్లీగ్రాములు, కలిపారు. ఎల్‌డీఎల్ 118కి దిగింది. వందలోపు రావాలన్నది డాక్టరు గారి లెక్క. అప్పుడు వచ్చింది ఈ పొడి. ఒక్కో ప్యాకెట్లో అసలు మందు 4 గ్రాములు. రోజుకి రెండు ప్యాకెట్లు అలవాటయ్యాక చేయించిన పరీక్షలో ఎల్‌డీఎల్ 99. అప్పటినుంచి ఆ చుట్టుపక్కలే ఉంటోంది.

పేగు దాటని మందు రక్తంలో కొలెస్ట్రాల్‌ని ఎలా తగ్గిస్తుందని మొదట్లో నాకూ అనుమానమే. సంగతేమిటంటే, కొవ్వు అరగడానికి కాలేయం కొలెస్ట్రాల్‌తోనే బైల్ యాసిడ్లను తయారుచేసి, పిత్తరసంలో కలిపి పేగుల్లోకి పంపుతుంది. పని అయ్యాక వాటిలో దాదాపు 95 శాతాన్ని చిన్నపేగు చివరి భాగం మళ్లీ పీల్చుకుని కాలేయానికి తిప్పి పంపేస్తుంది. ఈ పొడి ఆ బైల్ యాసిడ్లను పట్టుకుని వదలదు. అవి తిరిగి రాకపోయేసరికి కాలేయం కొత్తవి తయారుచేసుకోవాలి. అందుకు కొలెస్ట్రాల్ కావాలి. కాలేయం తన కణాల మీద ఎల్‌డీఎల్‌ను పట్టుకునే గ్రాహకాలను పెంచి, రక్తంలోంచి లాక్కుంటుంది. అదే సమయంలో సొంతంగా కొలెస్ట్రాల్ తయారీ కూడా పెంచుతుంది. ఒంటరిగా వాడితే ఈ పొడి ప్రభావానికి కొంత గండి పడేది అక్కడే. ఆ తయారీని స్టాటిన్ అడ్డుకుంటుంది. అందుకే చిన్న డోసు స్టాటిన్‌తో దీనికి మంచి జత.

ఇక కడుపు సంగతి. మొదటి వారంలోనే కడుపు ఉబ్బరం, గ్యాస్ మొదలయ్యాయి. ఆ తర్వాత మలబద్ధకం. విరేచనం రాకపోవడం ఒక్కటే కాదు, వచ్చింది కూడా చిన్నచిన్న ఉండల్లా, గట్టిగా, ముక్కితేగాని రానంతగా ఉండేది. మా బావగారికి పిత్తాశయం తీసేశాక నీళ్ల విరేచనాలు పట్టుకుంటే, ఆయనకు రాసిందీ ఇదే పొడి! బైల్ యాసిడ్లు పెద్దపేగులోకి ఎక్కువగా చేరితే అక్కడ నీటిని ఊరేలా చేస్తాయి. ఆయనకు అవి ఎక్కువై విరేచనాలు అయ్యేవి, పొడి వాటిని కట్టేసింది. నా పేగుల్లో మామూలుగా ఉండాల్సిన వాటిని కూడా కట్టేసింది. ఆయనకు మందైన గుణమే నాకు మలబద్ధకమైంది.

ఈ ఇబ్బంది కొత్తదేం కాదు. అమెరికాలో 3,806 మంది మధ్యవయసు మగవాళ్ల మీద జరిగిన పెద్ద పరిశోధన ఫలితాలు 1984లో వచ్చాయి. సగం మందికి రోజుకి 24 గ్రాముల కొలెస్టిరమిన్, మిగతావాళ్లకి ఉత్తి పొడి ఇచ్చారు. మందు తీసుకున్నవాళ్లలో గుండెపోట్లు, గుండెజబ్బు మరణాలు కలిపి 19 శాతం తగ్గాయి. మొదటి ఏడాదిలో వాళ్లలో 68 శాతం మందికి ఏదో ఒక జీర్ణ సమస్య వచ్చింది, ఉత్తి పొడివాళ్లలో అది 43 శాతం. ఏడో ఏడాదికి ఆ అంకెలు 29, 26. అంటే చాలామందికి మొదటి ఏడాదే కష్టం. నా అనుభవమూ అంతే.

నాకు పనికొచ్చింది నెమ్మదిగా పెంచడం. మొదటి చీటీ మార్చి, డాక్టరు గారు ముందు అర ప్యాకెట్, రాత్రి భోజనంతో మాత్రమే తీసుకోమన్నారు. విరేచనం దారిలో పడ్డాకే ఒక ప్యాకెట్, మళ్లీ కొన్ని వారాలకి మధ్యాహ్నం రెండోది. నీళ్లు బాగా పెంచాను. పడుకునే ముందు ఒక చెంచా ఇసబ్‌గోల్ నిండు గ్లాసు నీళ్లతో తీసుకుంటాను. అది మలాన్ని మెత్తబరుస్తుంది, కొంతవరకు ఎల్‌డీఎల్‌నూ తగ్గిస్తుంది.

కలుపుకునే పద్ధతి కూడా ముఖ్యం. ఈ పొడి నీళ్లలో కరగదు, ఎంత తిప్పినా ఇసుకలా నాలుకకి తగులుతుంది. పొడిగా నోట్లో వేసుకోకూడదు, గొంతులో పట్టేస్తుంది. నేను ముప్పావు గ్లాసు పల్చటి మజ్జిగలో కలిపి, కాసేపు నానబెట్టి, మళ్లీ తిప్పి తాగేస్తాను. అడుగున మిగిలినదానిలో ఇంకొన్ని నీళ్లు పోసి అదీ తాగాలి. గుక్కగుక్కకీ ఆగుతూ నోట్లో ఉంచుకుంటే పళ్ల ఎనామిల్ పాడవుతుంది, రంగూ మారుతుంది.

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టింది మాత్రం థైరాయిడ్. మొదటి చీటీలో ఉదయం, సాయంత్రం అని మాత్రమే ఉంది. ఉదయం థైరాక్సిన్ మాత్ర తర్వాత కాసేపటికే పొడి తాగేదాన్ని. ఈ పొడికి బైల్ యాసిడ్లు, మందులు అనే తేడా లేదు, చాలా మాత్రలను అలాగే పట్టేస్తుంది. మూడు నెలల పరీక్షలో థైరాయిడ్ తగ్గితే పెరిగే, అంతకుముందు 2.4 ఉన్న టీఎస్‌హెచ్ 9 దాటింది. నీరసం, ఒళ్లు బరువు, దానికి తోడు థైరాయిడ్ తగ్గినందువల్ల వచ్చే మలబద్ధకం! పొడి వల్ల వచ్చిందేదో, థైరాయిడ్ వల్ల వచ్చిందేదో తెలియలేదు. మిగతా మందులన్నీ పొడికి కనీసం గంట ముందు, లేదా నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత వేసుకోవాలన్నది నియమం. ఇప్పుడు తెల్లవారుజామున థైరాక్సిన్, ఎనిమిదింటికి రోసువాస్టాటిన్, ఎజెటిమైబ్, మధ్యాహ్నం ఒంటిగంటకి ఒక ప్యాకెట్, రాత్రి ఎనిమిదింటికి ఇంకొకటి. డోసు మార్చకుండానే టీఎస్‌హెచ్ మామూలుకి వచ్చింది. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, గుండెకి వాడే డిగాక్సిన్ లాంటివి వాడేవాళ్లు డాక్టరుతో మాట్లాడకుండా ఇది మొదలుపెట్టకూడదు.

రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు, ట్రైగ్లిజరైడ్లు కూడా చూసుకోవాలి, ఈ మందు వాటిని పెంచుతుంది. నావి 140 నుంచి 170కి వెళ్లాయి, ఫర్వాలేదన్నారు. ముందే బాగా ఎక్కువున్నవాళ్లకి ఇది పనికిరాదు. ఎక్కువ డోసులో ఎక్కువ కాలం వాడితే ఏ, డి, ఈ, కె విటమిన్లు సరిగా ఒంటపట్టకపోవచ్చు. చిగుళ్ల నుంచి రక్తం, కారణం లేకుండా కమిలిన మచ్చలు కనిపిస్తే చెప్పాలి. కడుపు బిగుసుకుని, వాంతులై, గాలి కూడా పోకపోతే పొడి ఆపేసి వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

అమెరికాలో ఉన్న మా చెల్లి ఇదే కోవలోని కొలెసెవెలం వాడుతుంది. 625 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకి ఆరు. పెద్ద మాత్రలే, కానీ పొడితో వచ్చినంత ఉబ్బరం తనకి లేదు. షుగరునీ కాస్త తగ్గిస్తుంది కాబట్టి తనకి రెండు విధాలా పనికొచ్చింది.

నేను మూడో ప్యాకెట్‌కి వెళ్లి చూశాను. మలబద్ధకం తిరగబెట్టింది, ఎల్‌డీఎల్ మాత్రం ఇంకో నాలుగైదు అంకెలే దిగింది. తగ్గేదాంట్లో ఎక్కువ భాగం మొదటి రెండు ప్యాకెట్లలోనే వచ్చేస్తుందని డాక్టరు గారు చెప్పారు. రెండింటి దగ్గరే ఉంచి, ఆరు నెలలకోసారి లిపిడ్లు, టీఎస్‌హెచ్ చూపించుకోమన్నారు. అలాగే చేస్తున్నాను.