చేతికి టేపా, ఎత్తుకు బల్లా? పేటలో పిల్లల సర్వేకు ఏది మేలు

పారిశుద్ధ్యం, పిల్లల పోషణ రెండూ కలిపి ఒక పేటలో సర్వే చేద్దామని కూర్చున్నప్పుడు ప్రశ్నల మీద గంటలకు గంటలు చర్చ నడుస్తుంది. పిల్లల్ని దేనితో కొలవాలన్నది మాత్రం లేచి వెళ్ళేముందు పది నిమిషాల్లో తేల్చేస్తారు. నన్నడిగితే ముందు తేలాల్సింది అదే. జట్టులో ఎంతమంది ఉండాలి, ఎన్ని రోజులు పడుతుంది, చివరికి ఏ మాట ధైర్యంగా చెప్పగలం అనేవన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

దారులు రెండున్నాయి. మొదటిది టేపు. 6 నుంచి 59 నెలల పిల్లల ఎడమ చేతికి, భుజానికీ మోచేతికీ సరిగ్గా మధ్యలో చుట్టి కొలుస్తారు. 115 మిల్లీమీటర్ల కంటే తక్కువొస్తే తీవ్రంగా బక్కచిక్కినట్టు, 115 నుంచి 125 లోపైతే ఓ మోస్తరుగా. రెండోది ఎత్తు కొలిచే బల్ల. రెండేళ్ళ లోపు వాళ్ళని పడుకోబెట్టి, ఆ పైవాళ్ళని నిలబెట్టి కొలిచి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన ప్రమాణాలతో ఆ వయసుకు ఎంత ఎత్తుండాలో పోల్చి చూస్తారు. బాగా తక్కువుంటే బిడ్డ గిడసబారినట్టు.

ఈ రెండూ చెప్పేది ఒకటే విషయం కాదు. టేపు చెప్పేది ఇప్పటి సంగతి: ఈ బిడ్డ ఈ నెలలో ప్రమాదంలో ఉన్నాడా అని. ఎత్తు చెప్పేది చాన్నాళ్ళ సంగతి: నెలలు, ఏళ్ళుగా తిండి చాలకో, జబ్బులు మళ్ళీ మళ్ళీ వచ్చో ఎదుగుదల వెనకబడిందా అని. మురుగు పక్కన పెరగడం లాంటి దీర్ఘకాలపు విషయం గురించి ప్రశ్న ఉంటే, ఆ ప్రశ్నకు దగ్గరగా ఉండేది ఎత్తే. ఒక్క టేపుతో వెళ్ళి పారిశుద్ధ్యం మీద నివేదిక రాయబోతే ఆ ముక్క చేతికి రాదు.

అలాగని బల్లే మేలని వెంటనే అనలేను. దానికి రెండు జబ్బులున్నాయి.

ఒకటి వయసు. 72 సెంటీమీటర్లున్న మగబిడ్డని తీసుకుందాం. వాడికి సరిగ్గా ఏడాదైతే గిడసబారిన గీత 71 దగ్గరుంటుంది, వాడు దానికి పైనే ఉన్నాడు. తల్లి కాస్త అటూ ఇటూగా చెప్పిన మాట మీద 14 నెలలని రాసుకున్నామంటే గీత 73.1కి జరుగుతుంది, వాడు గిడసబారిన లెక్కలోకి వచ్చేస్తాడు. బిడ్డ వాడే, ఎత్తూ అదే, మారింది మన రాత. అందుకే టీకాల కార్డో జనన పత్రమో చూపించమని అడగాలి. అదీ లేకపోతే ఏ పండగకి ముందు పుట్టాడు, వానలు మొదలయ్యాకా కాకముందా అని పేటకు తెలిసిన సంఘటనలతో నెల పట్టుకోవాలి. టేపుకు ఈ గొడవ లేదు. 6 నెలలు నిండి అయిదేళ్ళలోపు ఉన్నాడని తెలిస్తే చాలు.

రెండోది కొలిచే చేతులు. బల్ల మీద పడుకోబెట్టిన ఏడాది పిల్ల ఊరికే ఉండదు. ఏడుస్తుంది, మోకాలు మడుస్తుంది. ఒకరు తలను పై పలకకు ఆనించి పట్టుకోవాలి, ఇంకొకరు మోకాళ్ళు అదిమి పాదాల దగ్గరి పలకను జరపాలి. తల్లి బతిమాలుతుంటుంది, బయట జనం చూస్తుంటారు, అంకె చదివేవాడికి తొందర. ఒకసారి మా జట్టు కాగితాలు తిరగేస్తే సగానికి పైగా ఎత్తులు సున్నాతోనో అయిదుతోనో ముగిశాయి. 74.0, 81.5, 79.0. పిల్లలు అలా అరసెంటీమీటర్ల లెక్కన పెరగరు కదా, మావాళ్ళే కంటికి నచ్చిన గీతకు సర్దేశారు. అప్పట్నుంచీ ప్రతిరోజూ సాయంత్రం చివరి అంకెలు చూడడం అలవాటైంది. రెండేళ్ళలోపు బిడ్డని పొరపాటున నిలబెట్టి కొలిస్తే, పడుకోబెట్టి తీసే కొలత కంటే దాదాపు 0.7 సెంటీమీటర్లు తక్కువొస్తుంది. ఆ తేడా కూడా కలుపుకోవాలి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. ఒక పేటలో 6 నుంచి 59 నెలల పిల్లలు 260 మంది ఉన్నారనుకోండి. టేపైతే ఇద్దరు మనుషులు ఇంటింటికీ తిరిగి అందరినీ కొలిచేయొచ్చు. బల్లతో అందరినీ కొలవాలంటే జట్టుకు ముగ్గురు కావాలి. నడక, సముదాయింపు, ప్రశ్నలు కలిపితే రోజుకు పదిహేను మందికి మించి మంచి కొలతలు రావు. అంటే పద్దెనిమిది రోజులు. మొదటి వారం దాటాక ఆ కొలతల నాణ్యత మీద నాకైతే నమ్మకం ఉండదు.

శాంపిల్ తీస్తే పని తగ్గుతుంది. గిడసబారిన వాళ్ళు నూటికి 30 మంది ఉండొచ్చనుకుని, అటూ ఇటూ 10 శాతం తేడా సరిపెట్టుకుంటే, ఇంత చిన్న పేటకు 62 మంది పిల్లలు చాలు. ఇంట్లో లేనివాళ్ళకూ వద్దన్నవాళ్ళకూ కలిపి 75 మందిని ఎంచుకుంటే అయిదు రోజుల పని. అయితే ఆ 75 మందిని పేర్ల జాబితాలోంచి చీటీలు తీసినట్టు తీయాలి. మెయిన్ రోడ్డు వెంబడి వరసగా తలుపులు తట్టితే పక్కా ఇళ్ళ పిల్లలే దొరుకుతారు, కాలువ గట్టు మీది ఇళ్ళు ఎగిరిపోతాయి.

కాబట్టి నా ఓటు ఇలా: టేపు అందరికీ, బల్ల చీటీలో పేరొచ్చిన వాళ్ళకు మాత్రమే. టేపు తిరిగేటప్పుడే పేర్ల జాబితా తయారవుతుంది కనుక అది ముందు జరగాలి. అప్పుడే రెండు పాదాల మీదా బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి చూడాలి. గుంట పడి అలాగే ఉండిపోతే టేపు ఎంత చూపించినా ఆ బిడ్డని తీవ్రమైన లెక్కలోనే వేయాలి. 115 కంటే తక్కువున్న బిడ్డ, పాదాల్లో నీరున్న బిడ్డ దొరికితే ఆ రోజే ఏ వైద్యుడి దగ్గరికి పంపాలో సర్వే మొదలుపెట్టకముందే మాట్లాడి ఉంచుకోవాలి. కాగితం మీద అంకె రాసుకుని మరో గడప ఎక్కడం నాకు నచ్చదు. రెండింట్లో ఒక్కటే చేయగలిగే పరిస్థితైతే, మీకు కావలసింది పిల్లల్ని వైద్యానికి చేర్చడమా, పేట స్థితి తెలుసుకోవడమా అని మిమ్మల్ని మీరే అడగండి. మొదటిదైతే టేపు, రెండోదైతే బల్ల.

పారిశుద్ధ్యం వైపు ఎంపిక ఇంత కష్టం కాదు: అడగడం కంటే చూడడం మేలు. సెప్టిక్ ట్యాంకు ఉందా అంటే ఉందనే చెబుతారు, అదేం అబద్ధం కాదు. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే ట్యాంకులోంచి ఒక పైపు నేరుగా పిల్లలు ఆడుకునే కాలువలోకి దిగి ఉంటుంది. చేతులు సబ్బుతో కడుగుతారా అని అడక్కుండా, కడిగే చోటు చూపించమనండి. అక్కడ నీళ్ళూ సబ్బూ ఉన్నాయో లేదో రాసుకోండి. అడిగి తీరాల్సింది ఒక్కటి: చంటిబిడ్డ నిన్న విసర్జించింది ఎక్కడ పారేశారు అని.

ఇక ఈ రెండింటినీ కలపడం దగ్గర జాగ్రత్త. 75 మందిలో సగం ఇళ్ళ పైపు కాలువలోకి ఉండి, సగం ఇళ్ళది లేకపోతే, రెండు గుంపుల మధ్య 20 శాతం దాకా కనిపించే తేడా కేవలం యాదృచ్ఛికంగానైనా రావచ్చు. పైగా కాలువ పక్కనున్నవాళ్ళు సాధారణంగా పేదవాళ్ళే, తిండి తేడా అక్కడా ఉంటుంది. బంగ్లాదేశ్, కెన్యా, జింబాబ్వేల్లో జరిగిన పెద్ద ప్రయోగాల్లో మరుగుదొడ్లు, చేతులు కడుక్కునే ఏర్పాట్లు ఇచ్చినా పిల్లల ఎత్తులో తేడా రాలేదు. బంగ్లాదేశ్‌లో విరేచనాలు మాత్రం తగ్గాయి. అందుకని నివేదికలో ‘కాలువ పక్క ఇళ్ళలో ఇంతమంది గిడసబారారు, మిగతా ఇళ్ళలో ఇంతమంది’ అని రాసి పక్కన పిల్లల సంఖ్య వేయండి. ‘కాలువ వల్ల’ అన్న మాటకు ఈ సర్వేలో చోటు లేదు.