ఫేస్ స్వాప్ మోడల్‌కి ఏ లాస్ మేలు: ఐడెంటిటీయా, పర్సెప్చువలా, అడ్వర్సేరియలా?

టార్గెట్ ఫొటోలో ఒకావిడ పక్కకి తిరిగి పళ్లు కనిపించేలా నవ్వుతోంది. సోర్స్ ఫొటోలో ఇంకొకావిడ నోరు మూసుకుని నేరుగా చూస్తోంది. రెండో ఆవిడ ముఖం, మొదటి ఆవిడ నవ్వుతో రావాలి. చిక్కేమిటంటే, పోల్చుకోడానికి సరైన జవాబు ఫొటో అంటూ ఎక్కడా లేదు. అందుకే లాస్‌ల మధ్య బేరం తప్పదు.

ముఖం మార్చేది ఐడెంటిటీ లాసే. ఆర్క్‌ఫేస్ లాంటి గుర్తింపు నెట్‌వర్క్ సోర్స్‌నీ ఫలితాన్నీ చెరో వెక్టర్‌గా మారుస్తుంది. లాస్ ఇంతే:

```
L_id = 1 - cos(z_source, z_result)
```

దీని వెయిట్ పెంచితే స్కోరు చకచకా పెరుగుతుంది. దాన్ని చూసి మురిసిపోవద్దు. ఒకే మనిషి రెండు అసలు ఫొటోలకే, పోజు మారితే, కొసైన్ తరచూ 0.6, 0.7 దగ్గర ఆగుతుంది. మన ఫలితం 0.9 దాటిందంటే జనరేటర్ నెట్‌వర్క్‌ని మోసం చేయడం నేర్చుకుందేమో అని అనుమానించాలి. మన ఉదాహరణలో నవ్వు తగ్గుతుంది, పెదాలు దగ్గరికొస్తాయి, సోర్స్‌కి కళ్లజోడుంటే ముక్కు మీద దాని గీత తేలుతుంది. పరీక్షకి ట్రైనింగ్‌లో వాడని వేరే గుర్తింపు నెట్‌వర్క్ పెట్టాలి. ఫేస్‌షిఫ్టర్ అనే ఫేస్ స్వాప్ మోడల్ రచయితలు కాస్‌ఫేస్ అనే వేరే గుర్తింపు నెట్‌వర్క్‌తో కొలిచింది అందుకే.

పర్సెప్చువల్ లాస్ నవ్వునీ పోజునీ కాపాడుతుంది, కానీ దేనితో పోలుస్తున్నామన్నదే అసలు ప్రశ్న. సోర్స్, టార్గెట్ ఒకే ఫొటో అయిన జతల్లో వీజీజీ అనే ఇమేజ్ నెట్‌వర్క్ ఇచ్చే ఫీచర్లని టార్గెట్‌తో పోల్చడం నిక్షేపంగా పనిచేస్తుంది. మనుషులు వేరైనప్పుడూ అలాగే పోలిస్తే, కనుబొమల ఆకారం, చర్మం తీరు కూడా టార్గెట్‌వే వెనక్కి వచ్చేస్తాయి. ఐడెంటిటీ లాస్ ఒకవైపు లాగితే ఇది ఇంకోవైపు లాగుతుంది, చివరికి ఇద్దరిలో ఎవరికీ చెందని ముఖం మిగులుతుంది. 2020లో వచ్చిన సిమ్‌స్వాప్ అనే ఫేస్ స్వాప్ మోడల్ దీనికో తెలివైన దారి చూపింది. ముఖం అసలుదా, జనరేటర్ తయారుచేసిందా అని తేల్చే డిస్క్రిమినేటర్‌లోని లోతైన పొరల ఫీచర్లని మాత్రమే పోల్చి, మొదటి పొరల్ని వదిలేసింది. లోతైన పొరల్లో నోరు తెరిచి ఉందా, తల ఎటు తిరిగింది అన్నవి ఉంటాయి. చర్మం మీది సన్నని వివరాలు మొదటి పొరల్లోనివి. నా ఓటు దీనికే.

ఇక అడ్వర్సేరియల్ లాస్. ఇది లేకపోతే పళ్లన్నీ కలిసి ఒకే తెల్లటి పట్టీలా కనిపిస్తాయి, చర్మం మైనంలా ఉంటుంది. అయితే ఎవరి ముఖమన్నది దీనికి పట్టదు, నిజం ముఖంలా ఉంటే చాలు. ఆకారం కుదురుకోకముందే గట్టిగా పెడితే, లేని ముడతలూ రంధ్రాలూ కల్పిస్తుంది. మిగతా లాస్‌లు నిలకడకి వచ్చాక తక్కువ వెయిట్‌తో మొదలుపెట్టడం నయం. విడి ఫొటోలో ఆ కల్పన అందంగానే ఉంటుంది. వీడియోలో పెట్టి చూడండి: ఫ్రేము ఫ్రేముకీ రంధ్రాలు చోటు మారి బుగ్గ మీద చర్మం పాకుతున్నట్టు కనిపిస్తే, తగ్గించాల్సింది ఈ వెయిటే.