లిటరేచర్ మాట్రిక్స్: పీహెచ్‌డీ మొత్తం వాడాక నా అభిప్రాయం

లిటరేచర్ మాట్రిక్స్ అంటే చదివిన పేపర్లను వరసల్లో, వాటి వివరాలను కాలమ్‌లలో పెట్టుకునే పట్టిక. థీసిస్‌లో రివ్యూ చాప్టర్ రాయడానికి అది పనికొస్తుందా అని జూనియర్లు అడుగుతూ ఉంటారు. చాలా పనికొస్తుంది, కానీ ఎక్కడో దొరికిన టెంప్లేట్‌ని ఉన్నదున్నట్టు దించుకుంటే మాత్రం కాదు. వాటిలో "పద్ధతి" అని ఒకే కాలమ్ ఉంటుంది, అందులో నాలుగు వాక్యాలు రాసేస్తాం, ఇక ఫిల్టర్ పెట్టడానికి ఏమీ ఉండదు, అది ఎక్సెల్‌లో రాసుకున్న నోట్స్ అవుతుంది అంతే.

నా టాపిక్ తాగే నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడం, అందులోనూ నల్గొండ టెక్నిక్. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారు చేసిన పద్ధతి ఇది. నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ కలిపి తిప్పి, మడ్డి అడుక్కి దిగాక పైనున్న తేట నీళ్లు తీసుకుంటారు. పేపర్లు చదువుతుంటే ఒకరు ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల లోపుకి దిగిందంటారు, ఇంకొకరు దిగలేదంటారు. అందరి ఫలితాలూ వరసగా రాసుకుంటూ పోతే ఎవరిది నమ్మాలో తెలియదు.

అందుకే "పద్ధతి"ని ముక్కలు చేశాను. నీళ్లు నిజం బోరువా, ల్యాబ్‌లో సోడియం ఫ్లోరైడ్ కలిపి చేసుకున్నవా, మొదట ఫ్లోరైడ్ ఎంత, క్షారత ఎంత, పటిక ఎంత వేశారు, చివర్లో ఫ్లోరైడ్ దేనితో కొలిచారు. ఒక్కోదానికి ఒక్కో కాలమ్, గడిలో ఒక అంకె లేదా ఒకటి రెండు మాటలు, పక్కనే పేజీ నంబర్. పేపర్‌కి ఒక వరస కాదు, ప్రయోగానికి ఒక వరస, ఎందుకంటే ఒకే పేపర్‌లో ల్యాబ్ నీళ్లూ ఊరి నీళ్లూ రెండూ ఉంటాయి.

వీటిలో నాకు ఎక్కువ అక్కరకొచ్చింది చివరి కాలమ్. ఫ్లోరైడ్‌ని కొందరు SPADNS అనే రంగు కారకంతో కొలుస్తారు, కొందరు ఎలక్ట్రోడ్‌తో. పటిక వేసిన నీళ్లలో కొంత అల్యూమినియం మిగిలిపోతుంది, అది ఫ్లోరైడ్‌ని పట్టుకుని ఉంటుంది, ముందు డిస్టిలేషన్ చేయకుండా SPADNS వాడితే రీడింగ్ అసలు కంటే తక్కువ రావచ్చు. ఎలక్ట్రోడ్ వాడేవాళ్లు TISAB బఫర్ కలిపి ఆ పట్టు విడిపిస్తారు. కాబట్టి కొలిచిన పద్ధతిని బట్టి సార్ట్ చేశాక, డిస్టిలేషన్ ఊసే లేని "బాగా తగ్గింది" ఫలితాల్ని మిగతావాటి పక్కన పెట్టి పోల్చడం మానేశాను. నా చాప్టర్‌లో ఒక సెక్షన్ మొత్తం ఇక్కడి నుంచే వచ్చింది. విడివిడిగా చదివినప్పుడు ఏ పేపర్‌లోనూ ఇది కనపడదు, కాలమ్‌ని పైనుంచి కిందికి చదివితేనే కనపడుతుంది.

ఖాళీ గడుల గురించి ఒక మాట. పేపర్‌లో ఆ వివరం లేకపోతే NR అని రాస్తాను, ఆ ప్రయోగానికి అసలు వర్తించకపోతే NA, నేనింకా చూడకపోతేనే ఖాళీగా వదులుతాను. ఈ మూడూ కలిసిపోతే రీసెర్చ్ గ్యాప్ అనేది పట్టుకోలేం. గ్యాప్ కాలమ్‌లో చాలామంది రచయితలు చివర్లో రాసే "ఇంకా పరిశోధన జరగాలి" వాక్యాన్ని ఎత్తి రాస్తారు, అది వాళ్ల అభిప్రాయం. నేనైతే పివట్ టేబుల్‌లో నీళ్ల రకం ఒకవైపు, ప్రయోగం ఎన్నాళ్లు నడిపారన్నది ఇంకోవైపు వేసి ఏ గడిలో సున్నా ఉందో చూస్తాను. చూడగానే గ్యాప్ దొరికిందని రాసేయను కూడా. ఆ సున్నా నా వెతుకులాట వల్ల వచ్చిందేమో కదా! defluoridation అని మాత్రమే వెతికితే alum coagulation అని పేరు పెట్టుకున్న పేపర్లు తప్పిపోతాయి. ఆ మాటలతో ఇంకోసారి వెతికాక కూడా సున్నా అలాగే ఉంటే అప్పుడు రాస్తాను.

ఎక్సెల్‌తో చిరాకు ఒకటి ఉంది, 3-5 అని రేంజ్ టైప్ చేస్తే తేదీగా మార్చేస్తుంది, కాబట్టి ఆ కాలమ్‌ని ముందే Text ఫార్మాట్‌లో పెట్టుకోండి.

అసలు కష్టం వేరే. సగంలో కొత్త కాలమ్ కావాలనిపిస్తే పాత పేపర్లన్నీ మళ్లీ తెరవాలి, దీనికి దగ్గరి దారి లేదు. అందుకే ముందు ఒకదానికొకటి పోలికలేని ఏడెనిమిది పేపర్లతో నింపి చూసి, కాలమ్‌లు సర్దుకున్నాకే మిగతావి మొదలుపెట్టమని చెబుతాను. ఇక సిద్ధాంత చర్చలు, చరిత్ర చదివేవాళ్లకు దీన్ని గట్టిగా సిఫారసు చేయలేను. అక్కడ వాదన గడుల్లో పట్టదు, మామూలు నోట్సే నయం. కొలతలు, మోతాదులు, శాంపిళ్లు ఉన్న సబ్జెక్టులకైతే ఇది లేకుండా నేను రివ్యూ మొదలుపెట్టను.