ఆర్‌ఎక్స్ 100 టాంక్ క్లీనింగ్ ప్యాకేజీ: డబ్బులిచ్చే ముందు ఇది చదవండి

ఆ "టాంక్ క్లీనింగ్ + కోటింగ్ + కొత్త పెట్రోల్ కాక్ + ఫిల్టర్, మొత్తం 2,800" ప్యాకేజీకి నా బండి పెట్రోల్ టాంక్ ఇచ్చిన షాపు గురించే. పేరు రాయను, పాత బండ్లవాళ్లకి ఎవరో అర్థమైపోతుంది.

టాంక్ తిరిగొచ్చింది. లోపల టార్చ్ వేస్తే నల్లగా తళతళ. చాలా బాగుంది, పెళ్లికి తీసుకెళ్లొచ్చు! వారం తిరక్కుండా బండి టాప్ గేర్‌లో ఆగడం మొదలు. నిమిషం ఆగితే మళ్లీ స్టార్ట్ అవుతుంది, కిలోమీటరు పోయి మళ్లీ ఆగుతుంది. కార్బురేటర్‌లోకి పెట్రోల్ సన్నగా దిగుతోందని దీని అర్థం. ఇంజిన్ తాగే వేగానికి కార్బురేటర్ గిన్నె నిండట్లేదు, బండి ఆగాక నిండుతుంది. టాంక్ కింద పెట్రోల్ ఆపి వదిలే కాక్ విప్పితే దాని జాలీకి నల్లటి పొరలు, అరిటాకు పీలికల్లా చుట్టుకుని ఉన్నాయి. పొర వెనకవైపు నారింజ రంగు తుప్పు. అంటే యాసిడ్ పోశారు, సోడాతో కడగలేదు, తడి ఆరలేదు, దాని మీదే కోటింగ్ పూశారు. యాసిడ్ పడి తుప్పు పోయిన ఇనుము గాలి తగిలిన కొద్ది నిమిషాల్లోనే మళ్లీ ఎర్రబడుతుంది. ఆ పొడి మీద ఏ కోటింగూ నిలవదు. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోల్‌కి కొన్ని కోటింగులు మెత్తబడిపోతాయి కూడా.

అది పోనీ. నాకు ఒళ్లు మండింది కాక్ దగ్గర. పాత కాక్ కంపెనీది. లీవర్ వెనక రబ్బర్ వాషర్, టాంక్‌కి ఆనుకునే ఓ-రింగ్ మారిస్తే ఇంకో పదేళ్లు పనిచేసేది. అదేదని అడిగితే కౌంటర్ దగ్గరున్నాయన ఫోన్ లోంచి తల ఎత్తకుండా "ఆ తుక్కు మీకెందుకు సార్, స్క్రాప్‌లో పోయింది" అన్నాడు. నా బండి సామాను, నన్ను ఒక్క మాట అడగకుండా! వాళ్లు పెట్టిన డూప్లికేట్ చేతిలోకి తీసుకుని చూడండి. ఆన్‌కి వెళ్లే గొట్టం పొడుగ్గా పైకి ఉండాలి, రిజర్వ్ దారి అడుగునే మొదలవ్వాలి. పెట్రోల్ పొడుగు గొట్టం మూతి కంటే దిగితే బండి ఆగుతుంది, రిజర్వ్‌కి తిప్పితే కింద మిగిలింది వస్తుంది. ఈ కాక్‌లో రెండూ దాదాపు ఒకే ఎత్తు! ఆన్‌లో ఆగిందంటే రిజర్వ్‌లోనూ ఏమీ ఉండదు, తోసుకుపోవడమే. పైగా ఆఫ్‌లో పెట్టినా చుక్కలు కారుతోంది. కార్బురేటర్ గిన్నె నిండగానే పెట్రోల్ ఆపే ఫ్లోట్ నీడిల్ కూడా సరిగా మూయకపోతే రాత్రికి రాత్రి ఇంజిన్ అడుగునుండే క్రాంక్ కేసులోకి పెట్రోల్ దిగుతుంది, పొద్దున కిక్ కొట్టినా కదలదు.

ఫిల్టర్ సంగతీ అంతే. పంపుతో నడిచే బండ్లకి వేసే కాగితం ఫిల్టర్ తగిలించారు. మనది పైనుంచి కిందికి దానంతటదే దిగాల్సిన పెట్రోల్. జాలీ ఫిల్టర్ చాలు, బాణం గుర్తు కార్బురేటర్ వైపు ఉండాలి. పరీక్ష తేలిక: కార్బురేటర్ దగ్గర పైపు తీసి సీసాలో పెట్టి ఆన్ చేయండి. నిమిషంలో 200 మిల్లీలీటర్లైనా రాకపోతే ఎక్కడో అడ్డం ఉంది. టాంక్ మూత తెరిస్తే ధార పెరిగిందా, మూతలోని గాలి రంధ్రం పూడిందన్నమాట.

ఇంట్లో చేసుకుంటే ఇంతే పని. ఆరుబయట, మంటకీ సిగరెట్‌కీ దూరంగా చేయండి. కాక్, మూత రెండూ విప్పి పక్కన పెట్టండి, యాసిడ్ వాటిని తినేస్తుంది. కాక్ చోట రబ్బర్ ముక్క, రేకు పెట్టి పాత బోల్టులతోనే బిగించండి. సర్ఫ్ నీళ్లతో పెట్రోల్ జిడ్డు వాసన లేకుండా కడగండి. జిడ్డు ఉన్నచోట తుప్పు కరగదు. గట్టి పెచ్చులుంటే నట్లు వేసి ఊపండి, లెక్కపెట్టి వేసి లెక్కపెట్టి తీయండి. తర్వాత లీటరు వేడినీళ్లకి 100 గ్రాముల నిమ్మ ఉప్పు, టాంక్ మూతి దాకా. సగం పోస్తే పైభాగం తుప్పు అలాగే ఉంటుంది. ఒక రాత్రి ఉంచి చూడండి, బూడిద రంగు ఇనుము కనబడితే చాలు. పారబోసి, లీటరుకి రెండు చెంచాల వంట సోడా కలిపిన నీళ్లతో బాగా ఊపి, మంచినీళ్లతో కడిగి, వెంటనే బ్లోయర్‌తో ఆరబెట్టండి. ఆరిన నిమిషానికి పావు లీటరు పెట్రోల్‌లో 50 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ కలిపి లోపలంతా తిప్పండి. చిల్లు లేని టాంక్‌కి కోటింగ్ అక్కర్లేదు. కాక్ బిగించేటప్పుడు ఓ-రింగ్ కొత్తది వేసి రెండు బోల్టులూ కొంచెం కొంచెంగా మార్చి మార్చి బిగించండి. ఒకటే లాగితే కాక్ పక్కకి వంగి కారుతుంది.

షాపుకే ఇవ్వాలంటే మాత్రం కాక్ విప్పి జేబులో వేసుకుని, వట్టి టాంక్ ఇవ్వండి. కోటింగ్ వద్దని బిల్లు మీద రాయించుకోండి.